ఉన్నది ఈక్విటీ, చేసింది ఎక్స్‌టెన్షన్, నిలబడే చోటు పొజిషనింగ్

ప్రశ్న: ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ మార్కెటింగ్ పోస్టుకి చదువుతున్నాను. బ్రాండ్ ఈక్విటీ, బ్రాండ్ ఎక్స్‌టెన్షన్, బ్రాండ్ పొజిషనింగ్ డెఫినిషన్లు బాగానే వచ్చు. కానీ క్విజ్‌లో ఏదో ఒక కంపెనీ కథ ఇచ్చి అడిగితే రెండు ఆప్షన్లు కరెక్టే అనిపిస్తాయి. ప్రతి మాక్ టెస్టులో ఇక్కడే మార్కులు పోతున్నాయి. అనుభవం ఉన్నవాళ్లు ఎలా విడదీయాలో చెప్పగలరా?

జవాబు:

ఈక్విటీ అంటే ఆ పేరుకు ఇప్పటికే ఉన్న బలం. ఎక్స్‌టెన్షన్ అంటే ఆ పేరును తీసుకుని కంపెనీ చేసిన ఒక పని. పొజిషనింగ్ అంటే పోటీ సరుకుల మధ్య, కొనేవాళ్ల మనసులో ఆ బ్రాండ్ కోసం ఎంచుకున్న చోటు. ఒకటి ఆస్తి, ఒకటి పని, ఒకటి స్థానం. అందుకే కథ చదివే ముందు ప్రశ్నలో చివరి వాక్యం చదవండి. పేరుకు ఏముంది అని అడుగుతోందా, పేరుతో ఏం చేశారు అని అడుగుతోందా, ఎవరి పక్కన ఎలా కనిపించాలనుకున్నారు అని అడుగుతోందా, అది చూడండి.

రెండు ఆప్షన్లు కరెక్ట్ అనిపించడం మీ చదువులో లోపం కాదు. నిజమైన ఏ బ్రాండ్ కథ తీసుకున్నా అందులో రెండూ ఉంటాయి, చాలాసార్లు మూడూ ఉంటాయి. ప్రశ్న మాత్రం ఒక్కదాన్నే పట్టుకుని అడుగుతుంది. నేను 11 ఏళ్లు కిరాణా సరుకుల కంపెనీల్లో సేల్స్ చేసి, తర్వాత ఈ సబ్జెక్టు చెప్పడానికి వచ్చాను. క్లాసులో ఈ మూడూ విడిగా చెప్పినప్పుడు అందరూ తలూపుతారు. ఒకే బ్రాండ్ మీద వరసగా నాలుగు ప్రశ్నలు ఇస్తే సగం మంది తడబడతారు. కాబట్టి మీకూ అలాగే ఒక్క బ్రాండ్ తీసుకుని చెబుతాను. మ్యాగీ అందరికీ తెలిసినదే కాబట్టి దాన్నే తీసుకుందాం.

మ్యాగీ మన దేశంలోకి 1983లో వచ్చింది. అప్పటికి మన ఇళ్లలో నూడుల్స్ తినే అలవాటు లేదు. అన్నానికో చపాతీకో బదులు ఇది తినండి అంటే ఎవరూ వినరు. అందుకే నెస్లే దాన్ని భోజనంగా నిలబెట్టలేదు. బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లలకు అమ్మ రెండు నిమిషాల్లో చేసి పెట్టే చిరుతిండిగా చూపించింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, దానికి పోటీ ఎవరో ఆలోచించండి. ఇంకో నూడుల్స్ ప్యాకెట్ కాదు. బిస్కెట్లు, బ్రెడ్డు, ఉప్మా, మిగిలిపోయిన ఇడ్లీ. వాటి మధ్య 'వెంటనే అవుతుంది, వేడిగా ఉంటుంది, పిల్లలు పేచీ పెట్టకుండా తింటారు' అన్న చోటు మ్యాగీది. ప్రశ్న ఈ భాగాన్ని చెప్పి 'ఇది దేనికి ఉదాహరణ' అంటే జవాబు పొజిషనింగ్.

ఎలా తెలిసింది? మూడు విషయాలు ఒకచోట కనబడ్డాయి. ఎవరికి అనేది ఉంది: చిన్నపిల్లలున్న తల్లులు. దేని పక్కన పెట్టి చూడాలి అనేది ఉంది: సాయంత్రం చిరుతిండ్లు. వాటికంటే ఏం తేడా అనేది ఉంది: రెండు నిమిషాలు. ఎవరికి, దేని పక్కన, ఏం తేడా. ఈ మూడింటిలో కనీసం రెండు కథలో ఉంటే పొజిషనింగ్ వైపు చూడండి. డెఫినిషన్ రూపంలో అడిగితే కోట్లర్ చెప్పిన భావమే తిరిగి తిరిగి వస్తుంది: లక్ష్యంగా పెట్టుకున్న కస్టమర్ల మనసులో ప్రత్యేకమైన స్థానం దక్కేలా కంపెనీ తన సరుకునీ ఇమేజ్‌నీ తీర్చిదిద్దుకోవడం. 'మనసు', 'స్థానం', 'పోటీదారులతో పోలిస్తే' అన్న మాటలు కనబడితే తొంభై శాతం అదే.

తర్వాత మ్యాగీ పేరుతోనే టమాటా కెచప్ వచ్చింది, సూప్‌లు వచ్చాయి. నూడుల్స్ ఒక రకం సరుకు, కెచప్ వేరే రకం సరుకు. కిరాణా షాపులో ఇవి పెట్టే అలమరా వేరు, పోటీ కంపెనీలు వేరు. పేరు మాత్రం పాతదే. ఇది బ్రాండ్ ఎక్స్‌టెన్షన్. ఇందులో కస్టమర్ ఏమనుకున్నాడన్న మాటే రాలేదు చూడండి. కంపెనీ చేసిన పని మాత్రమే ఉంది. ఎక్స్‌టెన్షన్ ప్రశ్నల్లో 'అదే పేరుతో', 'కొత్త రకం ఉత్పత్తిలోకి', 'ప్రవేశించింది', 'విడుదల చేసింది' లాంటి మాటలు ఉంటాయి.

ఇప్పుడు కొంచెం కష్టమైనది. 2005లో మ్యాగీ ఆటా నూడుల్స్ వచ్చాయి. మైదా కాకుండా గోధుమపిండితో చేసినవి. 'టేస్ట్ భీ, హెల్త్ భీ' అన్న నినాదంతో ప్రకటనలు వచ్చాయి. ఇది ఏమిటి? క్లాసులో ఇది అడిగితే ఎక్స్‌టెన్షన్ అని ఒకరు, పొజిషనింగ్ అని ఇంకొకరు గట్టిగా వాదిస్తారు. ఇద్దరూ పొరబడలేదు, ఎందుకంటే నేను ప్రశ్న పూర్తి చేయలేదు. 'నూడుల్స్‌లోనే కొత్త రకాన్ని అదే పేరుతో తేవడాన్ని ఏమంటారు' అని ముగిస్తే లైన్ ఎక్స్‌టెన్షన్. 'రుచికరమైన చిరుతిండిగా ఉన్న బ్రాండ్‌ని ఆరోగ్యానికీ మంచిదిగా తల్లుల ముందు నిలబెట్టే ప్రయత్నాన్ని ఏమంటారు' అని ముగిస్తే రీపొజిషనింగ్. కథ అదే, సంవత్సరం అదే, ప్యాకెట్ కూడా అదే. చివరి వాక్యం మారితే జవాబు మారింది. అందుకే మొదట్లో చివరి వాక్యం ముందు చదవమన్నాను.

ఇక 2015. సీసం మోతాదుకు మించి ఉందన్న కారణంతో జూన్ 5న ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మ్యాగీ నూడుల్స్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. నెస్లే తన సరుకు సురక్షితమేనని వాదిస్తూ బాంబే హైకోర్టుకు వెళ్లింది. ఆగస్టు 13న కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసి, మళ్లీ పరీక్షలు చేయించమంది. పరీక్షలయ్యాక నవంబరులో సరుకు తిరిగి షాపుల్లోకి వచ్చింది. దాదాపు 5 నెలలు షాపులో ఒక్క ప్యాకెట్ లేదు. టీవీలో రోజూ చెడ్డ వార్తలే. తిరిగి వచ్చాక మాత్రం నూడుల్స్‌లో మళ్లీ మొదటి స్థానానికి చేరింది.

ఆ 5 నెలలు షాపులో సరుకు లేకపోయినా ఏదో ఒకటి మిగిలే ఉంది కదా. 30 ఏళ్లకు పైగా పోగైన పరిచయం, చిన్నప్పుడు తిన్న రుచి జ్ఞాపకం, మసాలా వాసన, 'మనది' అన్న మమకారం. వేరే పేరున్న ప్యాకెట్‌కి ఇదే జరిగి ఉంటే తిరిగి రావడం చాలా కష్టమయ్యేది. పేరు వల్ల వచ్చిన ఆ తేడాయే ఈక్విటీ. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈక్విటీ ఉంటే దెబ్బ తగలదని కాదు. ఆ గొడవలో మ్యాగీ పేరుకు దెబ్బ తగిలింది, కొంతమంది వేరే నూడుల్స్‌కి మారిపోయారు. ఈక్విటీ పెరుగుతుంది, తరుగుతుంది. సరుకును పేరు లేకుండా చూసినదానికంటే పేరుతో చూస్తేనే జనం ముఖం తిప్పుకునే స్థితి కూడా ఉంటుంది. దాన్ని నెగెటివ్ ఈక్విటీ అంటారు. 'బ్రాండ్ ఈక్విటీ ఎప్పుడూ ధనాత్మకమే' అన్న స్టేట్‌మెంట్ ఇస్తే అది తప్పు.

పేరు తీసేసి చూడండి

ఈక్విటీని పట్టుకోవడానికి నేను సేల్స్‌లో ఉన్నప్పుడు నేర్చుకున్న పద్ధతి ఒకటి చెబుతాను. అప్పట్లో నేను కోస్తా జిల్లాల్లో ఒక మసాలా పొడుల కంపెనీలో పనిచేసేవాణ్ణి. మా కారం ప్యాకెట్ పక్కనే అదే షాపులో విడి కారం అమ్మేవారు. అది మా కంటే చవక. కొన్నిచోట్ల నాణ్యతలోనూ పెద్ద తేడా ఉండేది కాదు, ఎందుకంటే మిర్చి అదే గుంటూరు యార్డు నుంచి వచ్చేది. అయినా చాలామంది ఆడవాళ్లు ఎక్కువ డబ్బిచ్చి మా ప్యాకెట్టే తీసుకునేవారు. ఒకసారి మా మేనేజర్ మా కారాన్నీ, విడి కారాన్నీ పేరు లేని రెండు కవర్లలో పోసి కొందరికి చూపించి, ఏది కావాలని అడిగించాడు. దాదాపు చెరిసగం తేలింది. పేరు చూపించి అడిగితే ఎక్కువమంది మాదే అన్నారు. సరుకు మారలేదు. పేరు కనబడటంతో జవాబు మారింది.

కెవిన్ లేన్ కెల్లర్ 1993లో కస్టమర్ వైపు నుంచి ఈక్విటీని నిర్వచించినప్పుడు చెప్పింది సరిగ్గా ఇదే: బ్రాండ్ గురించి తెలిసి ఉండటం వల్ల, దాని మార్కెటింగ్‌కి కస్టమర్ స్పందించే తీరులో వచ్చే తేడా. పరీక్షలో 'డిఫరెన్షియల్ ఎఫెక్ట్' అన్న మాట కనబడిందంటే కళ్లు మూసుకుని ఈక్విటీ పెట్టేయొచ్చు. 'ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడటం', 'పేరు వల్ల సరుకుకు చేకూరే అదనపు విలువ' అన్నా అదే.

డేవిడ్ ఆకర్ 1991లో ఇచ్చిన అయిదు భాగాలు కూడా తరచుగా అడుగుతారు. బ్రాండ్ లాయల్టీ, బ్రాండ్ అవేర్‌నెస్, నాణ్యత ఉందన్న కస్టమర్ అభిప్రాయం, బ్రాండ్ అసోసియేషన్లు, వీటికి తోడు పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, డీలర్లతో ఉన్న సంబంధాల లాంటి సొంత ఆస్తులు. 'కింది వాటిలో ఏది ఆకర్ చెప్పిన భాగం కాదు' అన్న ప్రశ్నలో జనం జారిపడేది మూడో భాగం దగ్గర. అక్కడ ఉండాల్సింది ఫ్యాక్టరీలో కొలిచిన నాణ్యత కాదు, కొనేవాళ్లు ఉందనుకునే నాణ్యత. ఆప్షన్‌లో 'యాక్చువల్ క్వాలిటీ' అని పెట్టి పట్టేస్తారు.

బ్రాండ్ వాల్యూ అన్నది ఈక్విటీకి దగ్గరి మాటే కానీ అదే మాట కాదు. ఈక్విటీ ప్రధానంగా జనం తలలో ఉండేది. దాన్నిబట్టి ఆ పేరుకు కట్టే డబ్బు లెక్క వాల్యూ. ప్రశ్నలో కొనుగోలు, బ్యాలెన్స్ షీట్, రూపాయల్లో అంచనా అని వచ్చి, ఆప్షన్లలో రెండూ ఉంటే వాల్యూ పెట్టండి.

ఎక్స్‌టెన్షన్‌లో రెండు ఉచ్చులు

మొదటిది లైన్ ఎక్స్‌టెన్షన్‌తో కలిసిపోవడం. కోట్లర్, ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి రాసిన పుస్తకంలో నాలుగు గళ్ల పట్టిక ఉంటుంది. ఒక వైపు సరుకు రకం పాతదా కొత్తదా అని, ఇంకో వైపు పేరు పాతదా కొత్తదా అని. రెండూ పాతవైతే లైన్ ఎక్స్‌టెన్షన్. పేరు పాతది, రకం కొత్తది అయితే బ్రాండ్ ఎక్స్‌టెన్షన్. రకం పాతది, పేరు కొత్తది అయితే మల్టీబ్రాండ్. రెండూ కొత్తవైతే న్యూ బ్రాండ్. ఈ పట్టిక ప్రకారం మ్యాగీ ఆటా నూడుల్స్ లైన్ ఎక్స్‌టెన్షన్, మ్యాగీ కెచప్ బ్రాండ్ ఎక్స్‌టెన్షన్.

చిక్కేమిటంటే కోట్లర్, కెల్లర్ కలిసి రాసిన పుస్తకంలో అమరిక వేరుగా ఉంటుంది. అక్కడ బ్రాండ్ ఎక్స్‌టెన్షన్ అనేది పెద్ద గొడుగు. దాని కింద లైన్ ఎక్స్‌టెన్షన్, కేటగిరీ ఎక్స్‌టెన్షన్ అని రెండు రకాలు. అంటే ఆటా నూడుల్స్ కూడా బ్రాండ్ ఎక్స్‌టెన్షనే అవుతుంది. ఒకే ప్రశ్నకు రెండు వెబ్‌సైట్లలో రెండు వేర్వేరు ఆన్సర్ కీలు కనబడి మీకు టెన్షన్ వచ్చిందంటే చాలావరకు కారణం ఇదే. నేను చెప్పే దారి ఇది: ఆప్షన్లలో లైన్ ఎక్స్‌టెన్షన్, బ్రాండ్ ఎక్స్‌టెన్షన్ రెండూ ఉంటే నాలుగు గళ్ల పట్టిక వాడండి. లైన్ ఎక్స్‌టెన్షన్ అసలు లేకపోతే, అదే రకంలో కొత్త ఫ్లేవర్ అయినా బ్రాండ్ ఎక్స్‌టెన్షన్ పెట్టేయండి. కేటగిరీ ఎక్స్‌టెన్షన్ అన్న మాట ఆప్షన్‌లో ఉందంటే ప్రశ్న రాసినవాళ్లు రెండో పుస్తకం నుంచి రాశారని గుర్తు.

రెండో ఉచ్చు, కంపెనీ కొత్త రకంలోకి వెళ్తే చాలు ఎక్స్‌టెన్షన్ అనుకోవడం. సిగరెట్ల కంపెనీగా పేరున్న ఐటీసీ 2003లో బిస్కెట్లలోకి వచ్చింది. పాత పేరు వాడలేదు, సన్‌ఫీస్ట్ అని కొత్త పేరు పెట్టింది. కాబట్టి అది బ్రాండ్ ఎక్స్‌టెన్షన్ కాదు, న్యూ బ్రాండ్. కానీ 2010లో నూడుల్స్ తెచ్చినప్పుడు ప్యాకెట్ మీద సన్‌ఫీస్ట్ యిప్పీ అని రాసింది. బిస్కెట్ల పేరు నూడుల్స్ మీదికి వచ్చింది. అది ఎక్స్‌టెన్షన్. యిప్పీ అన్న మాట కూడా తోడైంది కాబట్టి దాన్ని సబ్-బ్రాండ్ అని అడిగినా ఆశ్చర్యపోకండి. కంపెనీ వ్యాపారం ఎటు పోయిందని కాదు, ప్యాకెట్ మీద పేరు ఎటు పోయిందని చూడాలి. మీకు ఏ కథ వచ్చినా ప్యాకెట్‌ని కళ్ల ముందు ఊహించుకోండి.

పనిలో పనిగా మల్టీబ్రాండ్ కూడా చూసేయండి. కోకా-కోలా 1993లో పార్లే దగ్గర్నుంచి థమ్స్ అప్ కొన్నది. తన దగ్గర సొంత కోలా ఉండగా ఇంకో కోలాని ఎందుకు అట్టే పెట్టుకుంది? థమ్స్ అప్ పేరుకు ఇక్కడి జనంలో ఉన్న పట్టు కోసం. మన తెలుగు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఆ పట్టు గురించి చెప్పనక్కర్లేదు. ఆ పట్టు ఈక్విటీ. ఒకే రకంలో రెండు పేర్లు నడపడం మల్టీబ్రాండ్. కోక్‌ని అందరూ కలిసి సరదాగా తాగేదిగా, థమ్స్ అప్‌ని 'టేస్ట్ ది థండర్' అంటూ ఘాటుగా, సాహసంగా నిలబెట్టడం పొజిషనింగ్. ఇక్కడ ఎక్స్‌టెన్షన్ ఎక్కడా లేదు, అయినా ఆప్షన్లలో అది తప్పకుండా ఉంటుంది.

నేను దగ్గరుండి చూసిన ఒక ఎక్స్‌టెన్షన్

మళ్లీ మా మసాలా కంపెనీ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈక్విటీకీ ఎక్స్‌టెన్షన్‌కీ ఉన్న లంకె నాకు అక్కడే అర్థమైంది. ఒక దసరా ముందు మా కంపెనీ అదే పేరుతో అగరబత్తులు తెచ్చింది. నా బీట్‌లో ఉన్న షాపుల్లో మొదటి ఆర్డర్ తీసుకోవడం చాలా తేలికైంది. పేరు చెప్పగానే డజన్ల లెక్కన రాయించుకున్నారు. కౌంటర్ మీద ముందు వరసలో చోటిచ్చారు. కొత్త కంపెనీ అగరబత్తి అయితే ఆ చోటు కోసం స్కీములు, ఉచిత ప్యాకెట్లు ఇవ్వాల్సి వచ్చేది. మాకు పేరే ఆ పని చేసిపెట్టింది.

రెండో ఆర్డర్ రాలేదు. దసరా అయిపోయినా సరుకు అలాగే ఉంది. తెనాలిలో ఒక పెద్దాయన షాపు ఉండేది. ఆయన నన్ను కూర్చోబెట్టి, "బాబూ, మీ పేరు చూస్తే ఆడవాళ్లకు పులుసు గుర్తొస్తుంది, దేవుడు కాదు. దేవుడి దగ్గర కారం పేరేమిటండీ అంటున్నారు" అన్నాడు. మార్కెటింగ్ పుస్తకాల్లో దీన్ని ఫిట్ అంటారు. అంటే పాత సరుకుకూ కొత్త సరుకుకూ మధ్య జనానికి కనబడే పొంతన. మా పేరుకు బలం ఉంది, కానీ ఆ బలం వంటింటిది. పూజగదిలోకి అది నడిచి రాలేదు.

ఈ ఒక్క కథ నుంచి మూడు ప్రశ్నలు తీయొచ్చు. 'షాపులవాళ్లు మొదటి ఆర్డర్ వెంటనే ఇవ్వడానికి కారణమేమిటి' అంటే ఈక్విటీ. 'కంపెనీ అనుసరించిన వ్యూహం ఏది' అంటే ఎక్స్‌టెన్షన్. 'వ్యూహం విఫలం కావడానికి కారణం' అంటే ఫిట్ లేకపోవడం. ఆప్షన్లలో ఫిట్ లేదా పొంతన అన్న మాట లేకుండా 'బ్రాండ్ ఈక్విటీ లేకపోవడం' అని ఉంటే దాని జోలికి పోకండి. ఈక్విటీ లేకపోతే మొదటి ఆర్డరే రాదు. వ్యూహం ఏది అని అడిగితే ఎక్స్‌టెన్షన్, ఆ వ్యూహం నడవడానికి ఊతమిచ్చింది ఏది అని అడిగితే ఈక్విటీ. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఈ రెండింటి మధ్య గందరగోళం చాలావరకు పోతుంది.

ఇంకో సంగతి. అగరబత్తులు పోయినా మా కారం అమ్మకాలు ఆ ఏడాది తగ్గలేదు. ఎక్స్‌టెన్షన్ విఫలమైతే అసలు బ్రాండ్ పలచబడే ప్రమాదం ఉంది, దాన్ని బ్రాండ్ డైల్యూషన్ అంటారు. ప్రమాదం ఉండటం వేరు, ప్రతిసారీ జరిగి తీరడం వేరు. 'విఫలమైన ప్రతి ఎక్స్‌టెన్షన్ మాతృ బ్రాండ్ ఈక్విటీని దెబ్బతీస్తుంది' అన్న స్టేట్‌మెంట్‌లో 'ప్రతి' అన్న మాట చూసి తప్పు అని పెట్టండి.

అన్నిటికంటే కష్టమైనది: పొజిషనింగా, ఈక్విటీనా

ఎక్స్‌టెన్షన్‌ని గుర్తుపట్టడం అలవాటైతే తేలికే. మంచి విద్యార్థులు కూడా ఆగిపోయేది పొజిషనింగ్, ఈక్విటీ మధ్య, ఎందుకంటే రెండూ కస్టమర్ మనసు గురించే మాట్లాడతాయి. 'వోల్వో అనగానే జనానికి భద్రత గుర్తొస్తుంది' అని ఇచ్చారనుకోండి. ఇది ఏమిటి?

కంపెనీ ఎంచుకుని, నడిపిస్తూ ఉన్న దిశ గురించి చెబితే పొజిషనింగ్. జనం దగ్గర ఇప్పటికే చేరి, ఫలితం ఇస్తున్న దాని గురించి చెబితే ఈక్విటీ. 'ఇతర కార్లు వేగం గురించి, హోదా గురించి చెబుతుంటే వోల్వో తనను భద్రమైన కారుగా నిలబెట్టుకుంది' అంటే పొజిషనింగ్, ఎందుకంటే పక్కవాళ్లు ఉన్నారు, ఎంపిక ఉంది. 'భద్రత ఉందన్న నమ్మకంతో కొనేవాళ్లు ఎక్కువ ధర ఇస్తారు, మళ్లీ అదే కొంటారు' అంటే ఈక్విటీ, ఎందుకంటే నమ్మకం డబ్బుగా, లాయల్టీగా మారింది. ఏదీ లేకుండా 'అనగానే గుర్తొస్తుంది' అని మాత్రమే ఉండి, ఆప్షన్లలో బ్రాండ్ అసోసియేషన్ ఉంటే అదే జవాబు. అది లేకపోతే పొజిషనింగ్ వైపు మొగ్గండి. బలవంతంగా ఒకటి ఎంచుకోవాల్సిన చోటు ఇది, నూటికి నూరు శాతం గీత ఇక్కడ లేదు. పొజిషనింగ్ ఏళ్ల తరబడి నిలిస్తే అదే అసోసియేషన్‌గా గట్టిపడి ఈక్విటీలో భాగమవుతుంది. నదిలో నీరు కాలువలోకి వచ్చినట్టే, ఎక్కడ పేరు మారిందో గీత గీయలేం.

బలమైన ఈక్విటీ ఉండి పొజిషనింగ్ బెడిసికొట్టిన ఉదాహరణ ఒకటి గుర్తుంచుకుంటే ఈ రెండూ వేరన్నది మరిచిపోరు. 2009లో టాటా నానో వచ్చింది. లక్ష రూపాయల కారుగా దేశమంతా మోగిపోయింది. టాటా పేరుకు నమ్మకం తక్కువా? కాదు, ఆ పేరు మీద ఉన్న భరోసాతోనే బుకింగులు పోటెత్తాయి. కానీ మన ఇళ్లలో మొదటి కారు కొనడమంటే నలుగురిలో ఒక మెట్టు ఎక్కడం. 'అన్నిటికంటే చవకైన కారు' అన్న ముద్ర పడిన బండిని గుమ్మం ముందు నిలబెట్టడానికి చాలామంది వెనకాడారు. చవక కారు అన్న ముద్ర పడటం పొరపాటైందని తర్వాత రతన్ టాటాయే బహిరంగంగా ఒప్పుకున్నారు. నానో వెనకబడటానికి వేరే కారణాలూ ఉన్నాయి, సింగూరు నుంచి ఫ్యాక్టరీ సాణంద్‌కి మారడంలో జరిగిన ఆలస్యం, కొన్ని కార్లకు మంటలు అంటుకున్న వార్తలు. కానీ ప్రశ్న 'చవక' అన్న ముద్ర చుట్టూ తిరిగితే జవాబు పొజిషనింగే, ఈక్విటీ కాదు.

పొజిషనింగ్ పక్కన ఆప్షన్లలో సెగ్మెంటేషన్, టార్గెటింగ్, డిఫరెన్షియేషన్ కూడా వస్తుంటాయి. వీటికి ఎక్కువ సమయం వద్దు. జనాన్ని గుంపులుగా విడగొట్టడం సెగ్మెంటేషన్, అందులో ఒక గుంపును ఎంచుకోవడం టార్గెటింగ్, ఆ గుంపు మనసులో చోటు సంపాదించడం పొజిషనింగ్. వరస అడిగినా ఇదే వరస. సరుకులో నిజంగా పెట్టిన తేడా డిఫరెన్షియేషన్, ఆ తేడా మనసులో కూర్చున్న తీరు పొజిషనింగ్.

మీరు ఇప్పటిదాకా తప్పు పెట్టిన ప్రశ్నలన్నీ తీసి ఒక పని చేయండి. జవాబు చూడకుండా ప్రతి ప్రశ్నలో చివరి వాక్యం కింద గీత గీసి, పక్కన 'ఉంది', 'చేసింది', 'చోటు' అన్న మూడు మాటల్లో ఒకటి రాయండి. ఆ తర్వాతే కథ చదివి ఆప్షన్ ఎంచుకోండి. నా దగ్గర చదివినవాళ్లలో చాలామంది పాతిక, ముప్పై ప్రశ్నలకే తేడా గమనించారు. ఏ రెండు మాటల మధ్య ఎక్కువగా ఊగుతున్నారో కూడా ఆ కాగితం మీదే కనబడుతుంది. 'ఉంది', 'చోటు' మధ్య ఊగుతుంటే వోల్వో భాగం మళ్లీ చదవండి. 'ఉంది', 'చేసింది' మధ్య అయితే అగరబత్తుల భాగం.

ఇంత చేసినా పరీక్షలో ఒకటో రెండో ప్రశ్నలు రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతాయి. ఐబీపీఎస్‌లో తప్పుకు పావు మార్కు కోత కాబట్టి అక్కడ ఖాళీగా వదలకండి. రెండింట్లో ఒకటి పెడితే, ఒక మార్కు ప్రశ్నకు సగటున ఎనిమిదింట మూడు వంతులు, అంటే 0.375 మార్కు మీకే మిగులుతుంది. నాలుగైదు ఆప్షన్లలో ఒక్కటి కూడా తీసేయలేకపోతే మాత్రం వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.